లాక్షణిక బహుపది జోలికి పోకుండా ఐగెన్ విలువలు ఎక్కడున్నాయో పట్టుకోవడం ఎలా

మీ చేతిలో ఒక మాత్రిక ఉంది. దాని ఐగెన్ విలువలు కచ్చితంగా ఎంతో మీకు అక్కర్లేదు. అవన్నీ సున్నాకు ఎడమ పక్కనే ఉన్నాయా, ఒక్కటైనా కుడి పక్కకు దాటిందా అన్నది తేలితే చాలు. వ్యవస్థలో పుట్టిన కుదుపు కాసేపటికి సద్దుమణుగుతుందా, పెరిగిపోతుందా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లోని టెడింగ్టన్‌లో, నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో పనిచేసిన ఓల్గా టౌస్కీకి ఎదురైనది ఇలాంటి ప్రశ్నే. విమానం ఒక వేగం దాటాక రెక్కలు అదుపు తప్పి ఊగిపోవడాన్ని ఫ్లట్టర్ అంటారు. అది ఎప్పుడు మొదలవుతుందో తెలియాలంటే మాత్రికల ఐగెన్ విలువలు ఏ పక్కన ఉన్నాయో చూడాలి. అప్పట్లో లెక్కలన్నీ చేతి యంత్రాల మీదే. అందుకే ఆమె బహుపదిని పక్కన పెట్టి, 1931లో సెమ్యోన్ గెర్ష్‌గోరిన్ అనే సోవియట్ గణితజ్ఞుడు ప్రచురించిన పద్ధతిని వాడుకున్నారు. ఆయన 1933లో, 31 ఏళ్లకే చనిపోయారు.

ఆ పద్ధతికి కూడికలు వస్తే చాలు. అయితే మన పాఠాల్లో దాన్ని సగంలోనే వదిలేస్తారు. ఐగెన్ విలువలు చిక్కే గుండ్రటి బిళ్లలు ఎలా గీయాలో చెప్పి ఆపేస్తారు. మొదటిసారి గీసిన బిళ్లలు చాలాసార్లు మనకు కావలసిన జవాబు ఇవ్వవు. వాటిని మన ప్రశ్నకు తగ్గట్టు కుదించడంలోనే అసలు పనితనం ఉంది. కాబట్టి ఎక్కువసేపు దాని దగ్గరే ఆగుదాం.

బిళ్లలు గీయండి

ఈ మాత్రికను తీసుకుందాం. చివరిదాకా దీంతోనే పని.

```
-16   2   2
  4  -8   2
  2   1  -2
```

ఒక్కో అడ్డు వరుసకు ఒక్కో బిళ్ల. వికర్ణం మీద ఉన్న సంఖ్య దాని కేంద్రం. ఆ వరుసలో మిగిలిన సంఖ్యల పరమ మూల్యాలను కూడితే వచ్చేది వ్యాసార్థం. దీన్ని సంకీర్ణ తలంలో గీస్తాం. అంచుతో పాటు లోపలి భాగమంతా లెక్కలోకి వస్తుంది, అందుకే వృత్తం అనకుండా బిళ్ల అంటున్నాను.

మొదటి వరుసకు కేంద్రం −16, వ్యాసార్థం 2 + 2 = 4. అంటే వాస్తవ అక్షం మీద అది −20 నుంచి −12 దాకా పరుచుకుంటుంది. రెండో వరుసకు కేంద్రం −8, వ్యాసార్థం 4 + 2 = 6; ఇది −14 నుంచి −2 దాకా. మూడో వరుసకు కేంద్రం −2, వ్యాసార్థం 2 + 1 = 3; ఇది −5 నుంచి 1 దాకా.

ఇక్కడ రెండు తప్పులు దొర్లుతుంటాయి. వికర్ణం మీది సంఖ్యను కూడా మొత్తంలో కలిపేయడం ఒకటి. పరమ మూల్యం తీసుకోకుండా, గుర్తులతో సహా కూడేయడం రెండోది. రెండో తప్పు ప్రమాదకరం, ఎందుకంటే వరుసలో 3, −3 ఉంటే వ్యాసార్థం సున్నా అని వస్తుంది. బిళ్ల చుక్కగా మారిపోతుంది, చూడ్డానికి జవాబు అద్భుతంగా ఉంటుంది, కానీ అది తప్పు.

సిద్ధాంతం చెప్పేది ఇదీ: ప్రతి ఐగెన్ విలువా ఈ బిళ్లల్లో కనీసం ఒకదానిలో ఉండి తీరుతుంది. ఎందుకో చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఏదైనా ఐగెన్ విలువ λ, దాని ఐగెన్ వెక్టర్ x తీసుకోండి. x లోని అంశాల్లో పరిమాణంలో అన్నిటికన్నా పెద్దది i-వ అంశం అనుకోండి. Ax = λx లో i-వ వరుసను రాసి, వికర్ణ పదాన్ని అవతలికి పంపితే (λ − a_ii)·x_i ఒక పక్కన, మిగిలిన a_ij·x_j ల మొత్తం రెండో పక్కన ఉంటాయి. ఇప్పుడు రెండు పక్కలా x_i తో భాగించండి. అది అన్నిటికన్నా పెద్దది కాబట్టి x_j / x_i పరిమాణం ఎక్కడా 1 దాటదు. కాబట్టి |λ − a_ii| ఆ వరుస వ్యాసార్థాన్ని దాటలేదు. అంతే, రుజువు అయిపోయింది.

ఈ రుజువులోని "అన్నిటికన్నా పెద్ద అంశం" అన్న మాటను గుర్తు పెట్టుకోండి. ఏ బిళ్లలో ఐగెన్ విలువ చిక్కుతుందో నిర్ణయించేది అదే. బిళ్లలను కుదించేటప్పుడు మనం కదిపేది కూడా దాన్నే.

గీశాక ఏం అనొచ్చు, ఏం అనకూడదు

మన మూడు బిళ్లలూ ఒకదాన్నొకటి కప్పుకున్నాయి. అన్నిటినీ కలిపితే −20 నుంచి 1 దాకా ఒకే గొలుసు. అందులో 0 నుంచి 1 దాకా ఉన్న చిన్న ముక్క మన కొంప ముంచింది. ఐగెన్ విలువ అక్కడ ఉందని ఈ బొమ్మ చెప్పడం లేదు, లేదనీ చెప్పడం లేదు.

నిలువు వరుసలతో కూడా ఇదే పని చేయొచ్చు. మాత్రికను తిప్పి రాసినా ఐగెన్ విలువలు మారవు కాబట్టి అదీ చెల్లుతుంది. మన మాత్రికకు నిలువు వ్యాసార్థాలు 6, 3, 4. మూడో బిళ్ల −6 నుంచి 2 దాకా పోతుంది, అంటే ఇంకా ఎక్కువ దాటింది. రెండు రకాల బిళ్లలూ గీసినప్పుడు ఒక జాగ్రత్త. అడ్డు వరుసల బిళ్లల మొత్తం ప్రాంతం, నిలువు వరుసల బిళ్లల మొత్తం ప్రాంతం, ఈ రెండిటికీ ఉమ్మడిగా ఉన్న చోటే ఐగెన్ విలువలు ఉంటాయి. అంతేగానీ మూడో అడ్డు బిళ్లనూ మూడో నిలువు బిళ్లనూ జత కలిపి, వాటి ఉమ్మడి భాగంలో ఒకటి ఉంటుంది అనడానికి లేదు.

ప్రతి బిళ్లలో ఒక ఐగెన్ విలువ ఉంటుందని అనుకోవడం ఇంకో తప్పు. చదువుకునే రోజుల్లో నేనూ అలాగే రాసి మార్కులు పోగొట్టుకున్నాను. పేపర్ దిద్దిన మా లెక్చరర్ పక్కన ఈ చిన్న మాత్రిక రాసి ఇచ్చారు:

```
1  -1
2  -1
```

దీని ఐగెన్ విలువలు i, −i. మొదటి బిళ్లకు కేంద్రం 1, వ్యాసార్థం 1. అక్కడి నుంచి i దాకా దూరం √2, అంటే దాదాపు 1.41. కాబట్టి మొదటి బిళ్ల ఖాళీ. రెండూ కేంద్రం −1, వ్యాసార్థం 2 ఉన్న రెండో బిళ్లలోనే ఉన్నాయి. ఆ ఒక్క ఉదాహరణతో విషయం నాకు జన్మలో మరిచిపోలేనంతగా ఎక్కింది.

మరి లెక్క ఎప్పుడు చెప్పొచ్చు? బిళ్లలు గుంపులుగా విడిపోయినప్పుడు. k బిళ్లల గుంపు మిగిలిన వాటిని తాకకుండా విడిగా ఉంటే, అందులో సరిగ్గా k ఐగెన్ విలువలు ఉంటాయి. కారణం ఇది: వికర్ణం బయటి సంఖ్యలన్నిటినీ సున్నా చేసి, మెల్లగా వాటి అసలు విలువకు పెంచుతూ రండి. మొదట్లో బిళ్లలన్నీ చుక్కలు, ఒక్కో చుక్క మీద ఒక్కో ఐగెన్ విలువ. బిళ్లలు ఉబ్బుతున్న కొద్దీ ఐగెన్ విలువలు గెంతకుండా జరుగుతాయి. మధ్యలో ఖాళీ ఉన్నంతవరకు ఒక గుంపులోంచి ఇంకో గుంపులోకి వెళ్లే దారి లేదు.

దీంతో ఒక మంచి లాభం ఉంది. మాత్రికలోని సంఖ్యలన్నీ వాస్తవ సంఖ్యలై, ఒక బిళ్ల ఒంటరిగా నిలిస్తే, అందులోని ఐగెన్ విలువ కచ్చితంగా వాస్తవ సంఖ్యే. సంకీర్ణమైతే దాని జంట కూడా అదే బిళ్లలో ఉండాలి, కానీ అక్కడ ఒక్కదానికే చోటు.

బరువులు వేసి బిళ్లలను కుదించండి

ఒక్కో వరుసకు ఒక ధన సంఖ్యను బరువుగా ఇవ్వండి: d1, d2, d3. వీటిని వికర్ణం మీద పెట్టిన మాత్రిక D అనుకుంటే, D⁻¹AD కి కూడా A ఐగెన్ విలువలే ఉంటాయి. వికర్ణం మీది సంఖ్యలు మారవు, అంటే కేంద్రాలు కదలవు. మారేవి వ్యాసార్థాలు మాత్రమే. i-వ వరుస కొత్త వ్యాసార్థం కావాలంటే ఆ వరుసలోని ప్రతి |a_ij| ని d_j తో గుణించి, కూడి, మొత్తాన్ని d_i తో భాగించాలి.

దీని భావం సులువే. ఏ వరుసకు బరువు పెంచితే ఆ వరుస బిళ్ల చిన్నదవుతుంది. దాని బరువు మిగతా వరుసల కూడికల్లోకి చేరుతుంది కాబట్టి ఆ బిళ్లలు ఉబ్బుతాయి. కాబట్టి ముందు అడగాల్సిన ప్రశ్న: ఏ బిళ్లకు చోటు కరువైంది, ఏ బిళ్ల ఉబ్బినా ఫర్వాలేదు?

మన బొమ్మలో మూడో బిళ్ల సున్నాను దాటింది. దాని వ్యాసార్థం 2 కన్నా తగ్గాలి. మొదటి బిళ్ల కుడి అంచు −12 దగ్గర ఉంది, దానికి బోలెడంత చోటు. రెండో బిళ్ల కుడి అంచు −2 దగ్గర ఉంది, దానికి చోటు తక్కువ.

ముందు తోచిన పని చేద్దాం: మూడో వరుస బరువును మాత్రమే రెట్టింపు చేసి (1, 1, 2) పెడదాం. మూడో వ్యాసార్థం (2 + 1)/2 = 1.5. ఆ బిళ్ల −3.5 నుంచి −0.5 దాకా, చక్కగా సున్నాకు ఎడమనే. మొదటి దాని వ్యాసార్థం 2 + 4 = 6, కుడి అంచు −10, ఇబ్బంది లేదు. రెండోది 4 + 4 = 8. కేంద్రం −8 కాబట్టి కుడి అంచు సరిగ్గా 0 కి తగిలింది. ఒక బిళ్లను ఇటు లాగితే ఇంకోటి అటు పొంగింది.

ఇక్కడ చాలామంది d3 ని ఇంకొంచెం అటూ ఇటూ జరిపి చూస్తారు. 1.8 పెడితే పని అవుతుంది కూడా, కానీ అంచులు సున్నాకు మరీ దగ్గరగా ఉంటాయి. ఇంతకన్నా మంచి దారి వరుసలను చదవడం. రెండో బిళ్ల ఉబ్బింది కాబట్టి దాని బరువూ పెంచాలి. అలా పెంచితే ఎవరికి నష్టం? మూడో వరుసలో రెండో స్థానంలో ఉన్నది 1 మాత్రమే, కాబట్టి మూడో బిళ్ల మీద భారం తక్కువ. మొదటి వరుసకు చోటు పుష్కలంగా ఉంది. మొదటి వరుస బరువును తక్కువగా ఉంచితే ఇంకో మేలు: రెండో వరుసలో 4, మూడో వరుసలో 2 దాని బరువుతోనే గుణించబడతాయి.

కాబట్టి (2, 5, 6) పెట్టి చూడండి. మూడో వరుస: 2×2 + 1×5 = 9, దాన్ని 6 తో భాగిస్తే 1.5. ముందు వచ్చిన వ్యాసార్థమే. రెండో వరుస: 4×2 + 2×6 = 20, దాన్ని 5 తో భాగిస్తే 4. ముందు 8 ఉండేది, సగమైంది. మొదటి వరుస: 2×5 + 2×6 = 22, దాన్ని 2 తో భాగిస్తే 11. ఇది బాగా ఉబ్బింది, కానీ కేంద్రం −16 కాబట్టి కుడి అంచు −5 దగ్గరే ఆగింది.

ఇప్పుడు బొమ్మ చూడండి. మొదటి బిళ్ల −27 నుంచి −5 దాకా, రెండోది −12 నుంచి −4 దాకా, మూడోది −3.5 నుంచి −0.5 దాకా. ఐగెన్ విలువలన్నీ సున్నాకు ఎడమ పక్కనే ఉన్నాయని తేలిపోయింది. వ్యవస్థ స్థిరం. అంతేకాదు, మూడో బిళ్ల మిగతా రెండిటి నుంచి విడిపోయింది. కాబట్టి −3.5 కీ −0.5 కీ మధ్య సరిగ్గా ఒకే ఒక ఐగెన్ విలువ ఉంది, అది వాస్తవ సంఖ్య. మిగిలిన రెండిటి వాస్తవ భాగం −4 దాటి కుడికి రాదు. సున్నా ఏ బిళ్లలోనూ లేదు కాబట్టి మాత్రికకు విలోమం ఉందన్నది కూడా ఉచితంగా దక్కింది. ఒక్క నిర్ధారకం కూడా విప్పలేదు.

పెద్ద మాత్రికలకు ఈ కూడికలు చేతితో చేయక్కర్లేదు. పైథాన్‌లో ఇది చాలు:

```python
import numpy as np
A = np.array([[-16, 2, 2], [4, -8, 2], [2, 1, -2]], float)
d = np.array([2, 5, 6], float)
B = A * d / d[:, None]
c = np.diag(B)
r = np.abs(B).sum(axis=1) - np.abs(c)
for ci, ri in zip(c, r):
    print(ci - ri, ci + ri)
```

`d[:, None]` లో `None` మరిచిపోతే నిలువు వరుసలను గుణించి, మళ్లీ వాటినే భాగించినట్టు అవుతుంది. అప్పుడు B అంటే A నే. బరువులు మార్చినా వ్యాసార్థాలు కదలకపోతే అక్కడ చూడండి.

సరిచూసుకోవడానికి అసలు ఐగెన్ విలువలు కూడా చెప్తాను: దాదాపు −17.05, −7.74, −1.21.

ఒకే బరువుల జతతో అన్నీ సాధించాలని చూడకండి

కుడి అంచు ఎంత ఎడమకు జరుగుతుందో తెలియాలంటే బరువులు వేరేగా వేయాలి. (1, 2, 5) పెట్టి చూడండి. వ్యాసార్థాలు 14, 7, 0.8 వస్తాయి. కుడి అంచులు −2, −1, −1.2. అంటే ఏ ఐగెన్ విలువా −1 దాటి కుడికి రాదు. ఇందాక −0.5 దగ్గర ఉన్న హద్దు −1 కి జరిగింది. అయితే ఇప్పుడు బిళ్లలన్నీ కలిసిపోయాయి, మూడోది ఒంటరిగా లేదు. దాని గురించి బాధపడక్కర్లేదు. రెండు జతల బరువులూ ఒకే మాత్రిక గురించి నిజమే చెప్తున్నాయి కాబట్టి రెండు ఫలితాలనూ కలిపి వాడుకోవచ్చు. మొదటి జత ప్రకారం −3.5 నుంచి −0.5 మధ్య ఒకటే ఉంది, రెండో జత ప్రకారం −1 కి కుడిన ఏదీ లేదు. కాబట్టి ఆ ఒక్కటీ −3.5 కీ −1 కీ మధ్య ఉంది.

(1, 2, 5) ఊరికే తట్టలేదు. మన మాత్రికలో వికర్ణం బయట ఉన్నవన్నీ ధన సంఖ్యలు. అలాంటప్పుడు కుడి చివరి ఐగెన్ విలువకు చెందిన ఐగెన్ వెక్టర్‌లో అంశాలన్నీ ధనంగానే ఉంటాయి. బరువులు ఆ వెక్టర్‌కు ఎంత దగ్గరగా ఉంటే, మూడు కుడి అంచులూ ఆ ఐగెన్ విలువకు అంత దగ్గరగా వచ్చి చేరతాయి. ఆ వెక్టర్ మీకు ముందే తెలియక్కర్లేదు: మూడు కుడి అంచులు చూసి, మిగతావాటికన్నా కుడికి వచ్చిన వరుస బరువును కొంచెం పెంచుతూ పోండి.

ఇక అంచు సరిగ్గా 0 కి తగిలిన (1, 1, 2) సంగతి. అక్కడ కూడా చేతులెత్తేయక్కర్లేదు. టౌస్కీ ప్రచురించిన ఒక వ్యాసంలో ఇందుకు ఒక నియమం ఉంది. అడ్డు, నిలువు వరుసలను ఒకే క్రమంలో ఎలా సర్దినా, వికర్ణం మీద రెండు చతురస్ర భాగాలు ఏర్పడి వాటి కింద ఎడమ మూలంతా సున్నాలు అయ్యేలా మాత్రిక తెగకపోతే, ఏ బిళ్ల లోపలా పడని ఐగెన్ విలువ, అన్ని బిళ్లల అంచుల మీదా ఒకేసారి ఉండాలి. మన మాత్రికలో సున్నాలే లేవు కాబట్టి అది తెగదు. 0 రెండో బిళ్ల అంచు మీదే ఉంది, మిగతా రెండిటి అంచుల మీద లేదు. కాబట్టి 0 ఐగెన్ విలువ కాదు.

ఎక్కడ పని చేయదు

ఈ పద్ధతి గుర్తులను పట్టించుకోదు. వికర్ణం మీద రెండు సున్నాలు, బయట 1, 1 ఉన్న మాత్రికకూ, బయట 1, −1 ఉన్న మాత్రికకూ బిళ్లలు ఒకటే: కేంద్రం 0, వ్యాసార్థం 1. మొదటి దాని ఐగెన్ విలువలు 1, −1; రెండో దానివి i, −i. బరువులు వేసినా లాభం లేదు, ఎందుకంటే ఒక వ్యాసార్థం d2/d1 అయితే రెండోది d1/d2. ఒకటి తగ్గితే ఇంకోటి అంతే పెరుగుతుంది. కేంద్రాలు ఒకే చోట కుప్పపడి, వికర్ణం బయట సంఖ్యలు రెండు వైపులా బలంగా ఉన్నప్పుడు ఈ బిళ్లల నుంచి పెద్దగా ఆశించకండి.

అదే కేంద్రాలు దూరదూరంగా ఉండి, బయటి సంఖ్యలు చిన్నవైతే మాత్రం పట్టు ఎంత బిగుస్తుందో చూడండి. వికర్ణం మీద 1, 2, 3 ఉండి, మిగతా చోట్లన్నీ 0.001 ఉందనుకోండి. బరువులు లేకుండా మొదటి ఐగెన్ విలువ 1 కి 0.002 దూరంలోపు ఉందని తెలుస్తుంది. ఇప్పుడు బరువులు (400, 1, 1) వేయండి. మొదటి వ్యాసార్థం 0.002/400, అంటే 0.000005. రెండో, మూడో వ్యాసార్థాలు 0.401 కి ఉబ్బుతాయి, అయినా రెండో బిళ్ల ఎడమ అంచు 1.599 దగ్గరే ఆగుతుంది. మొదటి బిళ్ల ఒంటరిదే. అంటే ఆ ఐగెన్ విలువ 0.999995 కీ 1.000005 కీ మధ్య ఉంది, ఇది కాగితం మీద మూడు కూడికలతో తేలింది.